గోడమీది సూచనల పట్టికను చప్పట్ల పాటగా మార్చిన తీరు: నా అనుభవం

దేవరకొండ దిక్కున ఒక సర్కారు ప్రాథమిక పాఠశాల వరండాలో భద్రతా సూచనల ఫ్లెక్సీ ఉంది. అలాంటివి చాలా బడుల్లో కనబడతాయి. 'విద్యార్థులు విద్యుత్ పరికరాలను తాకరాదు', 'ఆవరణలో విషపురుగులు కనిపించిన యెడల వెంటనే ఉపాధ్యాయులకు తెలియజేయవలెను', 'వంటశాల పరిసరాలకు వెళ్లరాదు' అంటూ పద్నాలుగు వరుసలు. ఒకటో తరగతి పిల్లలకు చదవడం రాదు, చదివి వినిపిస్తే సగం మాటలు తెలియవు. ఆ పట్టికను అయిదారేళ్ల పిల్లల నోటికి వచ్చే పాటగా రాసే పని నేను చేశాను. ఎవరైనా తమ బడికి రాసుకోవాలంటే పనికొస్తుందని ఆ పద్ధతి ఇక్కడ పెడుతున్నాను.

పాట రాయడానికి ముందు పట్టికను వడపోయాలి. పద్నాలుగింటిలో చాలావరకు పెద్దలు చేయాల్సిన పనులే. స్విచ్ బోర్డుకు మూత పెట్టించడం, నీళ్ల ట్యాంకు కడిగించడం, గేటుకు గొళ్లెం వేయడం పిల్లల చేత పాడించి లాభం లేదు. వాటి పక్కన ఎవరు చేయాలో రాసి ఆఫీసు గదిలో పెట్టమన్నాను. తెలియని మనుషుల గురించి, ఒంటిమీద చెయ్యి వేసే వాళ్ల గురించి ఉన్న సూచననూ పాటలోకి తీసుకోలేదు. పిల్ల భయం లేకుండా నోరు విప్పి చెప్పగలగాలంటే ఆ సంగతి టీచరు దగ్గర కూర్చోబెట్టుకొని మాట్లాడాలి. చప్పట్లు కొట్టి పాడేస్తే అది ఆటలో కలిసిపోతుంది. చివరికి మిగిలినవి అయిదు ఆపదలు: మధ్యాహ్న భోజనం వేడి గంజు, తెగిన కరెంటు తీగ, పాము, బాయి, రోడ్డు. వీటికి తోడు 108 నంబరు.

ఆ తరువాత నడక ఎంచుకోవాలి. చేతికి వచ్చినట్టు రాసి చివర ప్రాస కలిపితే పిల్లలు రెండో పాదంలోనే తడబడతారు. మాత్రలు లెక్క పెట్టాల్సిందే. హ్రస్వాక్షరం ఒక మాత్ర. దీర్ఘం, సున్న ఉన్నది, ఒత్తక్షరానికి ముందున్నది రెండు మాత్రలు. నేను తీసుకున్నది మిశ్రగతి, అంటే మూడు మాత్రలు, వెంటనే నాలుగు మాత్రలు: తకిట తకధిమి. మూడు దగ్గర ఒక చప్పట్లు, నాలుగు దగ్గర ఒక చప్పట్లు. మన పల్లె పాటల్లో ఈ నడక చాలా ఉంది కాబట్టి పిల్లల చెవికి కొత్త కాదు. నాలుగేసి మాత్రల చతురశ్రగతిలోనూ రాయవచ్చు. కానీ మనకు కావాల్సిన మాటలు పాము, తీగ, బాయి, రోడ్డు, వేడి అన్నీ మూడేసి మాత్రలవి. పాదం ఆపద పేరుతో మొదలు కావాలనుకుంటే మిశ్రగతే వాటికి సరిపోతుంది.

ఒక్కో పాదంలో మూడు నాలుగు, మూడు నాలుగు, మొత్తం పద్నాలుగు మాత్రలు. ఒక్కో ఆపదకు రెండు పాదాల జంట. జంటలోని మొదటి పాదంలో మొదటి సగం ఆపద, రెండో సగం చేయాల్సిన పని. బతుకమ్మ ఆడేటప్పుడు ఒకరు అందుకుంటే మిగిలినవాళ్లు పలికే అలవాటు ఇక్కడి పిల్లలందరికీ ఉంది. అందుకే టీచరు ఆపద పేరు అంటారు, పిల్లలు పని పేరు అంటారు. పిల్లల నోటికి ఎక్కాల్సింది ఆ రెండో సగమే.

గంజు పాదం ఇలా వచ్చింది:

వేడి గంజుకు – ఏడు అడుగులు
ప్లేటు పట్టుకు – వరుస నిలబడు

'వేడి' మూడు, 'గంజుకు' నాలుగు, 'ఏడు' మూడు, 'అడుగులు' నాలుగు. ఇందులో ఒక మెలిక ఉంది. మామూలుగా మాట్లాడేటప్పుడు 'ఏడడుగులు' అంటాం. అలా సంధి చేస్తే ఒక మాత్ర పోయి చప్పట్లు ఎగిరిపోతాయి. రెండో చప్పట్లు సరిగ్గా 'అ' మీద పడాలి. చప్పట్లు అక్కడ పడితే పిల్లలు తమంతట తామే విడదీసి పలుకుతారు, చెప్పే పని ఉండదు. 'రోడ్డు అంచున', 'ఆగు అక్కడె' అనే చోట్ల కూడా అంతే.

ఏడు అడుగులన్నది ప్రాస కోసం పడిన అంకె అయినా కొలిచి చూస్తే దూరం సరిపోయింది. ఒకటో తరగతి పిల్ల అడుగు రమారమి ఒక ఫుటు. ఏడు వేస్తే రెండు మీటర్లు దాటుతుంది. గంజు ఒరిగి పప్పుచారు ఒలికినా, వెనక పిల్ల నెట్టినా ఆ దూరం కాపాడుతుంది. అయితే పాట నేర్పిన తర్వాత భోజనం వేళ చూస్తే పిల్లలు పాటించే వీలే లేదు. అన్నం పెట్టించుకోవాలంటే గంజు దాకా పోవాల్సిందే కదా. పెద్దలు పద్ధతి మార్చుకోకపోతే పిల్లలకు పాటకు, పనికి పొంతన లేదని అర్థమైపోతుంది. మిగతా పాదాలను కూడా నమ్మరు. అందుకే వంట చేసే అక్కలతో మాట్లాడి, పొయ్యి మీదినుంచి దించిన గంజును గోడవారగా పెట్టించి, అందులోంచి చిన్న బకెట్లోకి తోడుకొని వరుస దగ్గరికే వచ్చి వడ్డించేటట్టు చేశాం. పిల్లల అడుగులతోనే ఏడు కొలిచి సుద్దముక్కతో గీత గీశాం. వాన పడితే గీత చెరిగిపోతుంది కాబట్టి తరువాత దాన్నే పెయింటుతో వేయించారు.

'వద్దు' అనే మాట సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మొదట ఎవరు రాసినా అన్ని పాదాలూ 'ముట్టొద్దు', 'పోవొద్దు', 'ఉరకొద్దు' అని ముగుస్తాయి. ప్రాస దానంతట అదే కుదురుతుంది, పిల్లలకూ హుషారుగా ఉంటుంది. కానీ రెండు రకాలుగా చెడిపోతుంది. ఒకటి, గుంపులో అందరూ 'వద్దు' మీదనే గట్టిగా అరుస్తారు, దాని ముందున్న మాట ఎవరికీ గుర్తుండదు. అన్ని పాదాలకూ తోక ఒకటే కాబట్టి తలలు తారుమారవుతాయి. ఒక్కొక్కరిని అడిగితే పాముకు చెప్పింది రోడ్డుకు చెబుతారు. రెండు, 'వద్దు' అన్నది ఏం చేయకూడదో చెబుతుంది కానీ ఆ క్షణాన ఏం చేయాలో చెప్పదు. పాము ముందుంటే ముట్టకుండా ఉంటే చాలదు, కాళ్లు ఎటు కదలాలో తెలియాలి.

అందుకే ప్రతి పాదంలో ఆపద మాటకు, పని మాటకు మధ్య వేరువేరు శబ్దబంధం ఉండేటట్టు చూశాను. పాదాల చివర ప్రాస కుదిరితే మంచిదే, కుదరకపోయినా పాట పాడవదు. లోపలి కట్టు మాత్రం తప్పనిసరి. 'వేడి'కి 'ఏడు' రెండో అక్షరంలో కలుస్తుంది. తీగ పాదంలోనూ అదే పద్ధతి:

తీగ తెగితే – ఆగు అక్కడె
కేక వేసితె – సారు వస్తరు

తీగ, ఆగు. గకారం రెండింటినీ పట్టి ఉంచుతుంది. తీగ అనగానే నోట్లోకి ఆగు వస్తుంది, వేరే పని రాదు. మేడమే ఉన్న బడిలో 'మేడమొస్తరు' అని పాడితే లెక్క అంతే వస్తుంది: 'మేడ' మూడు, 'మొస్తరు' నాలుగు. తడి నేలమీద తెగిపడ్డ తీగ చుట్టూ నేలకూ కరెంటు పారుతుంది కాబట్టి ముందుకు పోకుండా నిలబడటమే చిన్నపిల్లలు చేయగలిగిన సరైన పని. షాకు తగిలినవాళ్లను పట్టుకొని లాగవద్దన్న సంగతిని కూడా ఇదే నడకలో పెట్టవచ్చు: 'షాకు తగిలిన వాణ్ణి ముట్టకు'. దాన్ని నాలుగు, అయిదు తరగతులకు మాత్రమే ఇచ్చాను. చిన్నవాళ్లకు ఒక ఆపదకు ఒక పనే ఉండాలి. అడవిపందుల కోసం చేన్ల కంచెలకు దొంగచాటుగా కరెంటు పెట్టే ఊళ్లలో 'తీగ తెగితే' బదులు 'తీగ చూస్తే' అని మార్చుకోండి, మాత్రలు అవే. బట్టలు ఆరేసే దండెం చూసి కూడా పిల్లలు ఆగిపోతారు. ఆగనివ్వండి, నష్టం లేదు.

పాము పాదానికి ముందు 'అడుగు ఎనకకు' అని రాస్తే బాగానే కుదిరింది, మూడు నాలుగు. అయితే గంజు పాదంలో 'అడుగులు' ఉన్నాయి. ఒకే మాట రెండు చోట్ల ఉండేసరికి పిల్లలు పాము పాదంలో కూడా ఏడు లెక్కబెట్టడం మొదలుపెట్టారు. లెక్క మీద పడితే కళ్లు పాము మీదినుంచి కాళ్ల మీదికి పోతాయి. అందుకని 'అడుగు'ను తీసేసి 'పాదం' పెట్టాను. మొదటి అక్షరాలు కూడా కలిశాయి:

పాము చూస్తే – పాదమెనకకు
మెల్లమెల్లగ – సారు కాడికి

'మెల్లమెల్లగ' అన్నది అలంకారం కోసం వేసింది కాదు. ఉరికితే చప్పుడు, అదురు పాముకు తెలుస్తాయి. పిల్ల కిందపడే ప్రమాదం అంతకంటే పెద్దది. ఈ పాదాన్ని మిగతావాటికంటే నిదానంగా పాడించాలి, గొంతు కూడా తగ్గించాలి. గొంతు తగ్గితే కాళ్లు కూడా తగ్గుతాయి, ఇది పాడించి చూస్తే తెలుస్తుంది. 'సారు కాడికి' బదులు 'మేడం కాడికి' అంటే మాత్ర ఎక్కువై నడక తప్పుతుంది. 'మేడమెనకకు' అంటే సరిపోతుంది, పై పాదంతో ప్రాస కూడా కలుస్తుంది. కరిచిన తర్వాత చేయాల్సినవి, అంటే కట్టు బిగించకపోవడం, గాటు పెట్టకపోవడం, కదిలించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవడం, పెద్దల పని. అవి పాటలో లేవు, ఆఫీసు గది పట్టికలో ఉన్నాయి.

అన్నింటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది బాయి పాదం. నల్లగొండ, పాలమూరు చేన్లలో గోడ లేని బాయిలు ఇంకా ఉన్నాయి. చెరువుల్లో, కుంటల్లో మట్టి తవ్వుకపోయిన గుంతలు వానాకాలం నీళ్ల కింద కనబడవు, మోకాలి లోతు నుంచి ఒక్కసారిగా నిలువు లోతు వస్తుంది. మొదటి రూపం 'బాయి కాడికి పోను ఒంటిగ'. మాత్రలు సరే, అర్థమూ సరేననిపిస్తుంది. పిల్లలను ఒక్కొక్కరిగా అడిగినప్పుడు లోపం బయటపడింది. 'మరి ఎట్ల పోతవు?' అంటే 'దోస్తుగాళ్లతోని పోత' అన్నారు. ఒంటిగ పోను అంటే జతగా పోవచ్చని వాళ్ల లెక్క. నిజానికి పిల్లలు బాయికి, కుంటకు పోయేదే గుంపుగా. ఒకరు జారితే ఇంకొకరు చెయ్యి అందించబోయి పడతారు. ఆ పాదం ఆపదను తగ్గించకపోగా పెంచేదే. మార్చిన రూపం ఇది:

బాయి కాడికి – బాపు తోడుగ
చెయ్యి పట్టిన – పెద్దలుంటెనె

బాయి, బాపు ఒకదాన్నొకటి లాక్కొస్తాయి. తోడు ఎవరో కూడా తేలిపోతుంది. పాలమూరు వైపు తల్లిదండ్రులు పనులకు వలసపోయి, తాత, అవ్వల దగ్గర ఉండే పిల్లలు చాలామంది. వాళ్లకు బాపు మాట కష్టంగా ఉండకూడదని రెండో పాదంలో 'పెద్దలు' పెట్టాను. ఊళ్లో నాయిన అనేవాళ్లే ఎక్కువైతే 'నాయిన' కూడా సరిగ్గా నాలుగు మాత్రలే, కానీ మూడు ఉండాల్సిన చోట పడదు, 'బాయి'లోని 'బా'తో కూడా కలవదు. అలాంటి చోట బాపునే ఉంచి, బాపు అంటే నాయినే అని ఒకసారి చెబితే సరిపోతుంది.

పాటను ఎలా పరీక్షించాలో దీంతోనే తెలిసింది. పాడమంటే అందరూ పాడతారు, దానివల్ల ఏమీ తెలియదు. మూడు పనులు చేయాలి. గుంపులోంచి ఒక్కరిని పిలిచి మధ్యలో ఒక పాదాన్ని మనం అందుకోవాలి. మొదటినుంచి పాడుకుంటూ వస్తే తప్ప ఆ పాదం రానివాళ్లకు పాట గొలుసుగా వచ్చింది కానీ ఆపదతో ముడిపడలేదు. తరువాత పైన చెప్పినట్టు పాట మాటల్లో లేని ప్రశ్న ఒకటి అడగాలి. చివరిది, వస్తువు చూపాలి. వరండాలో ఖాళీ గంజు పెట్టి ఏమీ చెప్పకుండా పిల్లలను బయటికి పంపాలి. దారిలో మెలికలుగా తాడు వేసి చూడాలి. నోరు పాడకపోయినా కాళ్లు సరైన పని చేస్తే పాట పనిచేసినట్టు. గంజు చుట్టూ మూగి పాట పాడితే పనిచేయనట్టు. తాడుతో చేసేటప్పుడు ముందే తాడు అని చూపి, ఇప్పుడు దీన్ని పామనుకుందాం అని చెప్పి చేయండి. దాచిపెట్టి భయపెట్టవద్దు, భయపడ్డ పిల్లలు ఉరుకుతారు, ఆ ఉరకడమే అలవాటవుతుంది.

గొలుసు కాకుండా ఉండాలంటే ఆరు జంటలను ఒకే పాటగా ఒకేసారి నేర్పకూడదు. వారానికి ఒక జంట, దాని చోటులోనే. గంజు పాదం ప్లేట్లు కడుక్కునే నల్లా దగ్గర, రోడ్డు పాదం సాయంత్రం గంట కొట్టాక గేటు దగ్గర, పాము పాదం ఆటస్థలం గడ్డి దగ్గర. పొద్దున ప్రార్థనలో అన్నీ కలిపి పాడించడం వారానికి ఒక్కసారి చాలు. అంగన్‌వాడీ పిల్లలకు ప్రతి జంటలో మొదటి పాదం ఒక్కటే ఇవ్వండి.

రోడ్డు పాదం:

రోడ్డు అంచున – రెండు దిక్కులు
కుడికి ఎడమకు – మళ్ల కుడికే

మన దగ్గర బండ్లు ఎడమవైపు నడుస్తాయి, అంచున నిలబడ్డవాళ్లకు దగ్గరి వరుసలో వచ్చే బండి కుడినుంచే వస్తుంది. అందుకే కుడి ముందు, ఎడమ తరువాత, అడుగు వేసేముందు మళ్లీ కుడి. వరుస మారితే పాదం తప్పు. ఇది నేర్పేటప్పుడు చాలామంది టీచర్లు పిల్లలకు ఎదురుగా నిలబడి తల తిప్పుతారు. టీచరు కుడికి తిప్పితే ఎదురుగా ఉన్న పిల్లలకు అది ఎడమ. పిల్లలు మాటను వదిలేసి తలను అనుకరిస్తారు, నోరు కుడి అంటుంటే మెడ ఎడమకు తిరుగుతుంది. పిల్లలకు వీపు పెట్టి, వాళ్లు చూసే దిక్కే చూస్తూ నేర్పాలి. కుడి ఏదో తెలియనివాళ్లకు 'తినే చెయ్యి' అనడం మామూలు. ఎడమచేత్తో తినే పిల్లలు ఎవరో ముందే కనుక్కొని, అందరికీ కుడి మణికట్టుకు దారం కడితే చిక్కు ఉండదు. ఈ పాదానికి హద్దు కూడా ఉంది. వచ్చే బండి ఎంత వేగంగా వస్తోందో అంచనా కట్టడం ఈ వయసు పిల్లలకు చేతకాదు. 65వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న ఊళ్లలో, సాగర్ రోడ్డు పక్కనున్న ఊళ్లలో పాట వచ్చింది కదా అని పిల్లలను ఒంటరిగా దాటనివ్వకూడదు. పెద్దలు చెయ్యి పట్టుకొనే దాటించాలి, పాట పాడుతూ.

చివరిది నంబరు. 'నూట ఎనిమిది' కూడా సరిగ్గా మూడు నాలుగే, రాసేవాళ్లకు ఆశ పుడుతుంది. కానీ రెండో తరగతి పిల్లలకు పలక ఇచ్చి నూట ఎనిమిది రాయమంటే చాలామంది 1008 అని రాస్తారు. నూరు రాసి పక్కన ఎనిమిది పెడతారు. ఫోనులోనూ అవే నొక్కుతారు. అందుకని అంకెలను విడివిడిగానే పెట్టాలి:

ఒకటి సున్నా – ఎనిమిదొత్తితె
అంబులెన్సే – బడికి వస్తది

పాడుతూ ఒక్కో అంకెకు ఒక వేలు ముందుకు నొక్కాలి. పాత కీప్యాడ్ ఫోను దొరికితే బ్యాటరీ తీసి దానిమీదే చేయించండి. టచ్ ఫోనులో అంకెలు కనబడాలంటే ముందు తెర తెరవాలి, తాళం వేసి ఉంటే ఎమర్జెన్సీ అనే చోట నొక్కాలి. అది కూడా ఒకసారి వేలు పట్టి చూపాలి.

కాల్వ పక్కనున్న ఊళ్లకు బాయి పాదం ఒక్కటే చాలదు. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాల్వ గట్లకు సిమెంటు వేసినచోట పాచి పట్టి కాలు నిలవదు, ఎక్కి రావడానికి పట్టూ దొరకదు. అక్కడికి మొదటి పాదాన్ని ఇలా మార్చి పాడించాం: 'కాల్వ కాడికి – కాక తోడుగ'. రెండో పాదం అదే ఉంటుంది. మీ ఊరి ఆపద వేరేదైతే ముందు దాని పేరు మాత్రలు లెక్క పెట్టండి. మూడు ఉంటే ఈ నడకలో నేరుగా పడుతుంది. నాలుగు ఉంటే దాని ముందు మూడు మాత్రల మాట ఒకటి వెతకండి, అది ఆ పనికి పనికొచ్చే మాటే అయి ఉండాలి, ఊరికే నింపే మాట కాకూడదు. 'క్వారి గుంతకు' అంటే మూడు నాలుగు కుదురుతుంది. దానికి తోడు మాట మీ ఊళ్లో పిల్లలు పెద్దలను పిలిచే వరుసల్లోంచే తీసుకోండి.